నిదానం రాడార్ గదికి చేరిన దారి

శిక్షణలో మా బ్యాచ్ అంతా ఆమెను నిదానం అనేవాళ్లం. ఆ పేరు పెట్టింది వాళ్ల నాన్న. ఇల్లంటుకున్నా సరే, చెప్పులు వెతుక్కుని, గ్యాసు కట్టేసి, తాళం వేసి మరీ బయటికొచ్చే పిల్ల అని ఇంట్లో అందరూ నవ్వేవారట. విమానాలను దించే, ఎగరేసే ఉద్యోగానికి ఇలాంటి మనిషి ఎలా పనికొస్తుందని మొదట్లో మేమూ నవ్వాం. తర్వాత తెలిసింది. మేమంతా కంగారుపడే చోట దాని గొంతు ఇంకో మెట్టు కిందికి దిగేది. ఎదురుగా అద్దంలో మూడు విమానాలు ఒకేసారి రన్‌వే కోసం పోట్లాడుతున్నా, ఇంటికొచ్చిన చుట్టాలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టేది.

శిక్షణంతా సిమ్యులేటర్ మీద. ఎదురుగా పెద్ద తెరమీద రన్‌వే, దానిమీద బొమ్మ విమానాలు. ఆ విమానాల పైలట్లుగా మాట్లాడేవాళ్లు మాత్రం నిజం మనుషులు. మా వెనక చెక్క గోడకు అవతల కూర్చుని, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని, మేం చెప్పినట్టల్లా బొమ్మ విమానాలను తిప్పేవాళ్లు. వాళ్లలో ఒకావిడ గొంతు మాకు బాగా అలవాటైపోయింది. ఒకసారి విసుగ్గా ఉన్న ముసలి కెప్టెన్‌లా, ఇంకోసారి తొందరపడే కుర్రాడిలా, మరోసారి దారి తప్పిన చిన్న విమానంలో చెమటలు పట్టినవాడిలా మాట్లాడేది. మనిషిని చూడకుండానే గొంతక్క అని పేరు పెట్టేశాం.

మొదటి వారంలో నిదానం ఒక పెద్ద తప్పు చెయ్యబోయింది. రన్‌వే మీద ఒక విమానం ఉండగానే ఇంకోదానికి దిగమని చెప్పేసింది. నిజం ఆకాశంలో అయితే మనుషులు మిగలరు. గొంతక్క ముసలి కెప్టెన్ గొంతులో, "టవర్, సరిగా వినపడలేదు, మళ్లీ చెప్పండి" అంది. వినపడకపోవడమేంటి? గోడకు అవతలే కదా ఉంది! ఆ ఒక్క ఊపిరిలో నిదానం తెరవైపు చూసి, తప్పు గ్రహించి, దిగొద్దని మార్చి చెప్పింది.

ఆ సాయంత్రం కృతజ్ఞతలు చెప్పడానికి గోడ అవతలికి వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. కిటికీ లేని గది. కుర్చీ వీపుకి బూడిద రంగు స్వెట్టరు, బల్లమీద ఫ్లాస్కు. మేం ఊహించుకున్నంత పెద్ద మనిషి కాదు, పొట్టిగా, సన్నగా, నెరిసిన జుట్టు గట్టిగా ముడేసుకుని ఉంది.

"థాంక్సక్కా" అంది నిదానం.

"దేనికి? నిజంగానే వినపడలేదు" అంది. మళ్లీ నవ్వి, "నేనూ టవర్లో ఉండేదాన్ని పిల్లా. టవర్ తర్వాతి మెట్టు, రాడార్‌కి సీటు కూడా వచ్చింది" అంది.

"మరి ఇక్కడ...?"

"పెళ్లయింది. ఆయనకి బదిలీ అయింది. వెంట వెళ్లాను. అక్కడ బాబు కడుపులో పడ్డాడు. ఇంకో బదిలీ వచ్చింది. సెలవు పెడతానంటే ఆఫీసులో ఒక కట్ట కాగితాలు చేతిలో పెట్టారు. ఒక్కో సంతకానికి ఒక్కో అంతస్తు. రాజీనామా అయితే ఒక్క పేజీ. పొట్టేసుకుని అన్ని మెట్లు ఎక్కలేక ఆ ఒక్క పేజీ రాసిచ్చేశాను." ఫ్లాస్కు మూత తిప్పుతూ చాలా మామూలుగా చెప్పింది. "బాబు పెద్దయ్యాక తిరిగొస్తే, వయసు దాటిపోయింది, మళ్లీ మొదట్నుంచి పరీక్షలన్నారు. ఈ కుర్చీ ఇచ్చారు. ఇక్కడ నేను రోజుకి వంద విమానాలు నడుపుతాను. ఒక్కటీ ఎగరదు."

బయటికొచ్చాక నిదానం నాకన్నా ముందు నడిచింది. హాస్టల్ మెట్ల దగ్గర ఆగి, "నేను రాడార్‌లో కూర్చుంటానే. ఆ తర్వాత పిల్లలకు నేర్పుతాను. పెళ్లి కూడా చేసుకుంటాను, పిల్లల్నీ కంటాను. అన్నీ కావాలి నాకు" అంది. ఆశపడి అన్నట్టు లేదు, భయపడి అన్నట్టుంది. ఆ కిటికీ లేని గది దాన్ని పట్టుకుంది. అప్పట్నుంచి ఖాళీగా ఉన్న కుర్చీ మీద బూడిద రంగు బట్ట ఏది కనిపించినా ఉలిక్కిపడేది.

మా ఉద్యోగంలో ఒక చిక్కుంది, అది తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు. చదువు, లైసెన్సు మనవే అయినా, పనిచేసే అర్హత మాత్రం ఊరికి కట్టేసి ఉంటుంది. దాన్ని రేటింగ్ అంటారు. ఈ టవర్లో రేటింగ్ ఉన్నవాళ్లు ఆ టవర్‌కి వెళ్తే, పక్కన ఒక శిక్షకుణ్ణి కూర్చోబెట్టుకుని మళ్లీ నేర్చుకోవాలి, మళ్లీ పరీక్ష ఇవ్వాలి. కొన్ని నెలలు మైకు ముట్టుకోకపోతే ఉన్న రేటింగ్ కూడా నిద్రపోతుంది. డాక్టరు సర్టిఫికెట్ గడువు దాటితే అసలు కూర్చోనివ్వరు. గర్భం వస్తే వెంటనే చెప్పాలి. డాక్టర్ ఒప్పుకున్నంత కాలం పనిచేసి దిగిపోవాలి. కాన్పయ్యాక మళ్లీ పరీక్ష చేయించుకుంటేగానీ ఎక్కనివ్వరు. ఇందులో ఏదీ అన్యాయం కాదు, పైన మనుషులున్నారు మరి. కానీ ఊరు మారడం, కడుపుతో ఉండటం, పిల్లని చూసుకోవడం, ఈ మూడూ వరసగా మీదపడితే రేటింగూ, లైసెన్సూ, ఆ వెనకే మనిషీ మెల్లగా కనపడకుండా పోవడానికి వేరే శత్రువు అక్కర్లేదు.

నిదానానికి శిక్షణ కేంద్రం పక్కనే ఉన్న మా పెద్ద విమానాశ్రయం టవర్లో రేటింగ్ వచ్చిన ఏడాదికి సంబంధం కుదిరింది. అబ్బాయి నీళ్లు శుభ్రంచేసే ప్లాంట్లు కట్టే ఇంజనీరు. ఒకచోట కట్టడం, నడిచేదాకా ఉండటం, ఇంకోచోటికి పోవడం ఆయన పని. ఇద్దరూ టీ తాగుతూ మాట్లాడుకుంటామని బయట కలుసుకున్నారు. అక్కడ జరిగింది నిదానమే నాకు చెప్పింది.

"నువ్వు ఊళ్లు తిరిగే మనిషివి. నాది ఒక ఊరికి కట్టేసే పని. ఎలా చేద్దాం?" అని అడిగిందట.

"అప్పటికప్పుడు చూసుకోవచ్చు కదా" అన్నాడట.

"అప్పటికప్పుడు అంటే నేనే మానేస్తాను. ఎవరూ చెప్పక్కర్లేదు, అలా జరిగిపోతుంది. అందుకే ఇప్పుడే చూసుకుందాం. మొదటి బదిలీకి నేను నీ వెంట వస్తాను. ఆ తర్వాత నాకు రాడార్ సీటు వచ్చినప్పుడు, నువ్వెక్కడున్నా, నేను వెనక్కి వెళ్తాను. వీలైనంత తొందరగా నువ్వు వస్తావు."

"ఇది పెళ్లా, ఒప్పందమా?"

"పెళ్లే. ఒప్పందం లేని పెళ్లి ఎక్కడుంది? చెప్పకుండా చేసుకుంటారు, అంతే."

ఆయన చాలాసేపు నవ్వి, సరే అన్నాడు. నవ్వుతూ ఇచ్చిన మాటకి బరువుంటుందా లేదా అని అది ఆ తర్వాత ఎన్నిసార్లు ఆలోచించుకుందో!

పెళ్లయిన రెండో ఏడు ఆయనకి దూరంగా కొండల కింద ఒక చిన్న ఊరికి బదిలీ అయింది. నిదానం రాడార్ కోర్సు వరసలో పేరు ఇచ్చి ఎదురుచూస్తోంది. ఆ వరస ఎప్పుడు కదులుతుందో దేవుడికి తెలియాలి. తిన్నగా గొంతక్క దగ్గరికెళ్లింది. క్యాంటీన్లో మూల బల్ల దగ్గర ముగ్గురం కూర్చున్నాం.

"రాజీనామా అన్న మాట నోట్లోంచి రానివ్వకు" అంది గొంతక్క ముందుగా. "అక్కడికి దగ్గర్లో చిన్న విమానాశ్రయం ఉందా? ఉంటే ఆ టవర్‌కి బదిలీ అడుగు. ఎవరూ వెళ్లని చోటు, వెంటనే ఇస్తారు."

"అక్కడ రోజుకి నాలుగైదు విమానాలేనక్కా. వెనకబడిపోతానేమో."

"వెనకబడటం వేరు, తెగిపోవడం వేరు. చిన్న టవర్ రేటింగ్ తొందరగా వస్తుంది, పోయినా తొందరగా తిరిగొస్తుంది. బిడ్డని కనాలనుకుంటే అక్కడున్నప్పుడు కను. రాడార్ కోర్సు అలా కాదు. మొదలుపెట్టి మధ్యలో వదిలితే నేర్చుకున్నదంతా నీళ్లపాలు, మళ్లీ మొదటికే. అందుకని బిడ్డ ముందు, రాడార్ తర్వాత. కొందరికి అటుది ఇటు కావచ్చు. నీ పరిస్థితికి ఇది. వెళ్లేముందు వరసలో నీ పేరు అలాగే ఉంటుందని శిక్షణాధికారి చేత రాయించుకుని మరీ వెళ్లు. నోటిమాట గాలిమాట. ఇంకోటి, నెల తప్పిన రోజే డాక్టరుకు చెప్పు. దాచుకుని మైకు ముందు కూర్చునే పిచ్చి పని చెయ్యకు."

నిదానం ఆ విమానాశ్రయం పేరు చెప్పింది. గొంతక్క చేతిలో కప్పు సగం దారిలో ఆగింది.

"అక్కడ కిటికీలు పడమరవైపు. మధ్యాహ్నం తర్వాత తెరలు దించుకో, కళ్లు పోతాయి" అని లేచి వెళ్లిపోయింది.

ఆమెకెలా తెలుసో మేం అడగలేదు. అడిగేలోపు తలుపు మూసుకుంది.

ఆ చిన్న టవర్ మూడంతస్తుల ఎత్తు. చుట్టూ అద్దాలు. కింద ఒక రన్‌వే, దాని చివర గడ్డి, ఆ వెనక కొండలు. నిదానం అక్కడ చేరి, కొన్ని వారాల్లో రేటింగ్ తెచ్చుకుంది. పొద్దున రెండు విమానాలు, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం పొద్దువాలేలోపు ఒకటో రెండో. మధ్యలో అంతా గాలి. ఎవరూ మాట్లాడకపోయినా స్పీకరు తెరిచే ఉంచాలి. అందులోంచి సన్నగా ఒక హోరు వస్తూనే ఉంటుంది, ఎవరో మాట్లాడబోయి ఆగినట్టు.

ఫైర్ స్టేషన్ పెద్దాయన ఒకరోజు టవర్ పైకొచ్చి, గాలి దిశ చూపించే గుడ్డ గొట్టం చిరిగిందని చెప్పాడు. వెళ్లబోతూ కుర్చీవైపు చూశాడు.

"చాలా ఏళ్ల కిందట ఇందులో ఒకావిడ కూర్చునేది. మీలాగే సన్నగా ఉండేది. పాపం" అన్నాడు.

"పోయారా?"

"పోయినట్టే అనుకోవాలి. నిండు మనిషి, ఉద్యోగం వదిలేసి వెళ్లిపోయింది. ఆఖరి రోజు నేనే డ్యూటీలో ఉన్నాను. సాయంత్రం విమానం వెళ్లిపోయింది, ఇంకేం లేదు. అయినా లేవలేదు. మా స్టేషన్లో స్పీకర్ ఉంటుంది కదా, అందులో వినిపించింది. ఖాళీ ఆకాశానికి, విమానాన్ని సాగనంపేటప్పుడు అంటారు కదా, ఆ గుడ్ డే చెప్పింది. ఒక్కసారి కాదమ్మా. ఇన్నేళ్లలో దించిన ఒక్కో విమానం పేరూ చెప్పి, ఒక్కోదానికీ గుడ్ డే చెప్పింది. మేం కింద నలుగురం, కిక్కురుమనలేదు."

బతికున్న మనిషి గురించి, రోజూ ఫ్లాస్కులో టీ తెచ్చుకునే మనిషి గురించి, చచ్చిపోయినట్టు చెబుతున్నాడు. ఆవిడ బాగానే ఉందని చెబుదామని నోరు తెరిచింది నిదానం. బాగానే ఉందా? తెరిచిన నోరు మూసుకుంది.

కొన్నాళ్లకి నెల తప్పింది. ఆ రోజే డాక్టరుకు చెప్పింది. పరీక్షలు చేసి, ఫలానా నెలదాకా పర్వాలేదన్నారు. పొట్ట పెరుగుతున్నకొద్దీ ఆ కుర్చీ తనది కాదనిపించేదట. బల్ల అంచుకు తన పొట్ట తగిలే చోట రంగు ముందే అరిగి ఉంది. ఎవరి పొట్టకి అరిగిందో తెలుసు. పొద్దువాలే ఎండలో ఎదుటి అద్దంలో తన నీడ పడితే, పక్కన ఇంకో నీడ లేదని తేల్చుకునేదాకా చూపు తిప్పుకునేది కాదు.

ఒక మధ్యాహ్నం ఎప్పుడూ వచ్చే విమానమే వచ్చింది. పైలట్ మాత్రం కొత్త. పెద్ద వయసు గొంతు. దిగాక విమానాన్ని ఆపుకోమని చెప్పింది. ఆయన ఆపుకుని, "మళ్లీ వచ్చేశారా మేడమ్? చాలా ఏళ్లయింది మీ గొంతు విని" అన్నాడు.

ఆయన అంటున్నది గొంతక్క గొంతు గురించి. శిక్షణలో నెలల తరబడి చెవిలో విన్న గొంతు అది. మాట ఎక్కడ ఆపాలో, ఎక్కడ తగ్గించాలో తెలియకుండానే ఆవిడ దగ్గర నేర్చేసుకుంది. ఆయన విన్నది నిజమే. మైకు నొక్కి, "మీరనుకునే ఆవిడ కాదు" అంది. మైకు వదిలేశాక, ఖాళీ గదికేసి తిరిగి, "నేను ఆవిడ కాదు" అని ఇంకోసారి గట్టిగా అంది. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి ఇదంతా చెబుతూ నవ్వడానికి ప్రయత్నించింది. నాకు నవ్వు రాలేదు.

సెలవు కాగితాల కట్ట దానికీ ఇచ్చారు. గుమాస్తా మంచివాడే, "ఇన్ని తిప్పలెందుకమ్మా, వదిలేస్తే ఒక్క పేజీ" అన్నాడు. నిదానం కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్కో పేజీ నింపింది. సంతకాల కోసం పెద్ద ఆఫీసుకు వాళ్లాయన్ని తిప్పింది. ఆయన ఊపిరాడక, "మీ వాళ్లు విమానాలు ఎగరేస్తారా, కాగితాలు ఎగరేస్తారా?" అన్నాడట.

ఆడపిల్ల పుట్టింది. సెలవంతా బిడ్డతోనే గడిపింది. అత్తయ్య వచ్చి సాయం ఉంది. సెలవు అవ్వగానే డాక్టర్ పరీక్ష చేయించుకుని, నిద్రపోయిన రేటింగ్‌ని శిక్షకుడి పక్కన కూర్చుని మళ్లీ లేపుకుంది. చిన్న టవర్ కదా, పదిహేను రోజులు పట్టలేదు. గొంతక్క చెప్పినట్టే అన్నీ జరుగుతున్నాయి.

అప్పుడే పెద్ద విమానాశ్రయం నుంచి కబురొచ్చింది. రాడార్ కోర్సులో ఒకరు తప్పుకున్నారు, వచ్చే నెలలో మొదలు, వస్తావా? అనుకున్నదానికి ఏడాదిన్నర ముందు. పాపకు ఇంకా పాకడం పూర్తిగా రాలేదు. ఆయన ప్లాంటు సగంలో ఉంది.

వంటింట్లో ముగ్గురూ నిలబడే ఉన్నారు. పాప అత్తయ్య చంకలో ఉంది.

"వచ్చే ఏడాది వెళ్తే ఏమవుతుంది? సీటు మళ్లీ రాకుండా పోతుందా?" అన్నాడు ఆయన.

"వస్తుంది. అప్పటికి నీకు ఇంకో ఊరొస్తుంది."

"పాప ఇంత చిన్నప్పుడా?"

"మనం అనుకున్నాం కదా."

"అప్పుడు పాప లేదు. మాటివ్వడం తేలిక."

"మాటలన్నీ ఏమీ లేనప్పుడే ఇస్తారు. ఉన్నప్పుడు నిలబెట్టుకుంటారు." గొంతు పెరగలేదు. "నువ్వు వద్దంటే నేను ఆగిపోతాను. అదే నా భయం. వద్దనకు."

ఆయన వద్దనలేదు, సరే అనలేదు. కుళాయి కట్టేసి బయటికెళ్లిపోయాడు. అత్తయ్య కాసేపు చూసి, "నేను వస్తా పిల్లదానితో" అంది.

"అత్తయ్యా, మామయ్యగారు?"

"ఆయనకి గుడ్డు ఉడకపెట్టడం వచ్చు. చావడు. నలభై ఏళ్లు వండిపెట్టా, ఒక ఏడాది ఉడకపెట్టుకోనీ." పాపను ఇంకో చంకకు మార్చుకుని, గొంతు తగ్గించి అంది: "నిన్ను చూసి పొంగిపోయి కాదమ్మాయ్ నేనొచ్చేది. తల్లి దగ్గర లేకుండా పిల్లని వదల్లేక. నువ్వు వెళ్లకపోతే ఇక్కడే ఉంటావు, కానీ ఉండవు. అలా ఉండే మనుషుల్ని చూశాను నేను. ఇంట్లో దయ్యం తిరిగినట్టుంటుంది."

వాళ్లాయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు సామాను సర్దుతుంటే వచ్చి పాప పరుపు తాళ్లతో కట్టాడు. చాలా గట్టిగా కట్టాడు, విప్పేటప్పుడు కత్తెర పెట్టాల్సొచ్చింది.

రాడార్ సిమ్యులేటర్ గది చీకటిగా ఉంటుంది. తెరమీద విమానాలు చుక్కలు, పక్కన అంకెలు. అద్దంలోంచి చూసి దించడం కాదు, ఇది దూరం నుంచే ఎత్తులూ దారులూ చెప్పి, ఒకదాని వెనక ఒకటి వరసలోకి తేవడం. గోడ అవతల గొంతక్క. రోజుకు కొన్ని గంటలు నిద్ర, పొద్దున్నే పాలు పిండి సీసాల్లో పెట్టి రావడం, మధ్యాహ్నం విరామంలో బాత్రూమ్‌లో తలుపేసుకుని మళ్లీ పిండుకోవడం. ఇన్ని నెలలు రోజుకు నాలుగు విమానాలు చూసిన కళ్లు. మొదటి పరీక్షలో గొంతక్క నాలుగు దిక్కుల నుంచి విమానాలు పోసింది. ఒకటి తుపానులో దారి మార్చుకుంటానంది, ఒకటి ఇంధనం తక్కువంది. రెండు చుక్కలు ఉండాల్సిన దానికన్నా దగ్గరికొచ్చాయి. ఈసారి ఎవరూ "వినపడలేదు" అనలేదు. పరీక్షాధికారి తెర ఆపేశాడు.

నిదానం గోడ అవతలికి వెళ్లింది. జన్మలో మొదటిసారి దాని గొంతు పెరిగింది.

"మీరే నన్ను ఇక్కడిదాకా తెచ్చారు. మీరే ఇలా చేస్తారా?"

"పరీక్షలో ఎన్ని వెయ్యాలో అన్నే వేశాను. ఒక్కటి కూడా ఎక్కువ వెయ్యలేదు." గొంతక్క హెడ్‌సెట్ తీసి ఒళ్లో పెట్టుకుంది. "కానీ ఒకటి చెప్పాలి. ఆ రెండు చుక్కలు దగ్గరవుతుంటే, నువ్వు తప్పాలని అనుకున్నాను. ఒక్క క్షణం. నువ్వు కూడా రాలేకపోతే, రాలేకపోవడం నా ఒక్కదాని తప్పు కాదని తేలిపోతుంది కదా."

నిదానం పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. కోపం పోయింది, ఇంకేదో చల్లగా లోపలికొచ్చింది.

"మీరు పనిచేసిన టవర్లోనే కూర్చున్నానక్కా నేను. మీ బల్ల దగ్గరే" అంది.

"తెలుసు. అందుకే చెబుతున్నా. నన్ను చూసి భయపడి పనిచేస్తున్నావు నువ్వు. భయం ఇక్కడిదాకా తెస్తుంది, ఆ కుర్చీలో కూర్చోబెట్టదు. రేపట్నుంచి చుక్కల్ని చూడు. నన్ను చూడకు."

రెండో అవకాశం నెల తర్వాత. ఈలోగా అత్తయ్య నిదానాన్ని రోజూ సాయంత్రం రెండు గంటలు నిద్రపుచ్చేది, పాపను బయట వీధిలో తిప్పేది. శిక్షణాధికారిని అడిగి రాత్రి షిఫ్టుల నుంచి కొన్నాళ్లు మినహాయింపు తెచ్చుకుంది. అది రూల్లోనే ఉంది, ఎవరూ అడగరు గనక ఎవరూ చెప్పరు. రెండోసారి నెగ్గింది. ఆ తర్వాత నిజం రాడార్ ముందు, పక్కన శిక్షకుణ్ణి పెట్టుకుని నెలల తరబడి పనిచేసి, రేటింగ్ తెచ్చుకుంది. ఆ రోజు నేను మిఠాయి పట్టుకెళ్తే, సగం తిని నిద్రపోయింది.

ఖరీదు లేకుండా ఏదీ రాలేదు. ఆ ఏడాది పాప అత్తయ్యనే అమ్మా అని పిలిచింది. నిదానాన్ని చూసి అత్తయ్య వెనక దాక్కునేది. అత్తయ్య ఎంత సరిదిద్దినా ఆ మాట మారడానికి చాలాకాలం పట్టింది. ఆయన ప్లాంటు పూర్తిచేసి మా ఊరొచ్చి డిజైన్ ఆఫీసులో చేరాడు. నీళ్ల చప్పుడు వినకుండా కాగితాల మీద గొట్టాలు గీయడం ఆయనకిష్టం లేదు. ఎప్పుడైనా మాటా మాటా పెరిగితే, "నీకు రాడార్ ఉంది, నాకు బల్ల ఉంది" అంటాడు. అందులో నిజముందని నిదానానికి తెలుసు, ఊరుకుంటుంది. అయిదేళ్ల తర్వాత ఆయనకి పక్క ఊళ్లో పెద్ద పని వచ్చింది, వారానికోసారి వచ్చి వెళ్తాడు. ఇప్పుడు కాస్త నవ్వుతున్నాడు. రెండో బిడ్డ సంగతి వాళ్లెప్పుడూ తేల్చుకోలేదు, వయసే తేల్చేసింది.

నిదానం శిక్షకురాలైంది. కొత్తగా వచ్చిన అమ్మాయిలతో కూర్చుని, ఎవరికి ఏ ఏడాది ఏది ముందు, ఏది తర్వాత అని విడివిడిగా మాట్లాడుతుంది. అందరికీ ఒకే దారి చెప్పదు. ఒకమ్మాయికి ముందు రాడార్, తర్వాత పెళ్లి అని చెప్పింది. ఇంకో అమ్మాయికి పిల్లలే వద్దనిపిస్తే అదీ సరేనంది. అబ్బాయిలను కూడా కూర్చోబెట్టి, మీ ఆవిడకి బదిలీ అయితే ఏం చేస్తారని అడుగుతుంది. చాలామంది తెల్లమొహం వేస్తారు.

గొంతక్క రిటైరయ్యే వారంలో, పైకొచ్చి రాడార్ చూస్తానంది. అనుమతి తీసుకుని, ఒక మధ్యాహ్నం నిదానం తన వెనక కుర్చీ వేయించింది. వినడానికి మాత్రం ఒక హెడ్‌సెట్ ఇచ్చారు, మాట్లాడే మీట లేనిది. నేను పక్క బల్ల దగ్గర డ్యూటీలో ఉన్నాను. వరసగా విమానాలొస్తున్నాయి. నిదానం ఒక్కో దానికి ఎత్తు చెబుతోంది, దారి చెబుతోంది. నేను తల తిప్పి చూశాను. వెనక చీకట్లో గొంతక్క పెదవులు కదులుతున్నాయి. నిదానం చెప్పబోయే మాట ఆమె పెదాల మీద ముందే పూర్తవుతోంది. శబ్దం లేదు. ప్రతి విమానానికీ అలాగే. నిదానం చూడలేదు, కానీ వీపు నిటారైంది, తెలిసినట్టే.

ఒకచోట మాత్రం పెదవులు ఆగిపోయాయి. రెండు విమానాలు ఒకే వరస కోసం వస్తున్నాయి. గొంతక్క అనుకున్నది ఒకటి, నిదానం చెప్పింది ఇంకోటి. వెనక దాన్ని ముందుకు తెచ్చింది. రెండూ సాఫీగా వరసలో పడ్డాయి.

డ్యూటీ మారాక ముగ్గురం మెట్లు దిగాం. గొంతక్క రెయిలింగ్ పట్టుకుని నెమ్మదిగా దిగుతోంది. చివరి మెట్టు దగ్గర ఆగింది.

"ఆ రెండింటినీ నేనైతే అలా చెయ్యను" అంది.

"తప్పా అక్కా?" అంది నిదానం.

"కాదు. నాకన్నా బాగా చేశావు." కాసేపు బయట ఎండలోకి చూసింది. "ఇన్నేళ్లూ నేను అక్కడ కూర్చుని ఉంటే ఎలా చేసేదాన్నో నాకు తెలుసనుకున్నాను. తెలియదు. అది ఇవాళే తెలిసింది. ఇంటికెళ్లి దీంతో ఏం చేసుకోవాలో చూడాలి."

కొడుకు కారు తెచ్చి గేటు బయట నిలబడి ఉన్నాడు. ఆవిడ ఎక్కింది. నిదానం గేటు దగ్గరే చాలాసేపు నిలబడింది. పాప స్కూలు నుంచి వచ్చే వేళయిందని నేను గుర్తుచేస్తే అప్పుడు కదిలింది.